43 శాతం లోపల ఏముందో చూశారా? అకడమిక్ ఇంటిగ్రిటీ ప్యానెళ్ల సభ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్యానెల్ సభ్యులకు నమస్కారం.

తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీ థీసిస్‌లు మీ దగ్గరికి రాకముందు మాలాంటి గ్రంథాలయ ఉద్యోగుల చేతుల మీదుగా వెళ్తాయి. ఫైలును కాపీలు పట్టే సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించేది మేమే. వచ్చిన రిపోర్టును ప్రింటు తీసి, మొదటి పేజీ మీద ఇతర పత్రాలతో కలిసిన పదాల శాతం రాసి, ముద్ర వేసి పంపేదీ మేమే. చాలా ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ఆ మొదటి పేజీ తర్వాత ఇంకో 200 పేజీలు ఉంటాయని, అసలు సంగతంతా వాటిలోనే ఉంటుందని ఎన్నిసార్లు నోటితో చెప్పినా ఫలితం లేకపోయింది. అందుకే అందరికీ కలిపి ఈ లేఖ రాస్తున్నాను.

నాకు ఈ బాధ కలిగించిన సంఘటనతో మొదలుపెడతాను. ఆ స్కాలర్‌ని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు, అంకెలు మార్చాను. ఆమెది న్యాయశాస్త్రం. థీసిస్ ఇంగ్లీషులో, దాదాపు 62,000 పదాలు. రిపోర్టులో 43 శాతం వచ్చింది. యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం 10 శాతం వరకు శిక్ష లేదు. 10 దాటి 40 వరకు అయితే ఆరు నెలల్లోపు సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. 40 దాటి 60 వరకు అయితే ఏడాది పాటు సవరించిన థీసిస్ ఇవ్వడానికే వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఆమె మూడో మెట్టులో పడింది. ప్యానెల్ సమావేశం పావుగంటలో ముగిసింది. సాయంత్రం ఆమె గ్రంథాలయానికి వచ్చి, "సార్, నేను ఎవరిదీ కాపీ కొట్టలేదు. ఈ 43 ఎక్కడ్నుంచి వచ్చిందో ఒక్కసారి చూపిస్తారా?" అని అడిగింది. ఇద్దరం కూర్చుని రిపోర్టు తెరిచాం. అందులో ఏం కనిపించిందో చెప్పే ముందు, ఆ అంకె ఎలా పుడుతుందో మీకు చెప్పాలి. అది తెలియకుండా రిపోర్టు చదివినా ప్రయోజనం ఉండదు.

సాఫ్ట్‌వేర్‌కి థీసిస్ అర్థం కాదు. అది చేసేది పోలిక మాత్రమే. ముందు అక్షరాలన్నీ ఒక పద్ధతికి తెస్తుంది. ఇంగ్లీషు క్యాపిటల్, స్మాల్ అక్షరాల తేడాలు, కామాలు, చుక్కలు తీసేసి పదాల వరుస మిగుల్చుకుంటుంది. తర్వాత ఆ వరుసను చిన్న ముక్కలు చేస్తుంది. ఈ ముక్కలు విడివిడిగా ఉండవు, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. పెంకుటింటి కప్పు మీద ఒక పెంకు కింది పెంకును కొంత కప్పినట్టు అన్నమాట. ఇంగ్లీషులో దీన్ని షింగిల్ అనడం కూడా అందుకే. ఈ లేఖలో నేను పెంకు అనే అంటాను.

ఒక వాక్యం తీసుకుందాం. "గోదావరి డెల్టాలో వరి సాగు కాలువ నీటి మీదే ఆధారపడి ఉంది." ఇందులో 9 పదాలున్నాయి. నాలుగేసి పదాల పెంకులు కోస్తే మొదటిది "గోదావరి డెల్టాలో వరి సాగు". రెండోది ఒక పదం జరిగి "డెల్టాలో వరి సాగు కాలువ". మూడోది "వరి సాగు కాలువ నీటి". ఇలా చివరిదైన "నీటి మీదే ఆధారపడి ఉంది" వరకు మొత్తం 6 పెంకులు వస్తాయి.

ఎవరో ఈ వాక్యాన్ని ఎత్తుకుని "కాలువ" బదులు "కాల్వ" అని రాశారనుకోండి. మారింది తొమ్మిదిలో ఒక్క పదమే. కానీ ఆ పదం నాలుగు పెంకుల్లో ఉంది, ఆ నాలుగూ పోతాయి. మొదటిదీ చివరిదీ మాత్రమే సరిపోలుతాయి. పెంకు ఎన్ని పదాల పొడవుంటే, మధ్యలో మార్చిన ఒక్క పదానికి అన్ని పెంకులు విరుగుతాయి. నాలుగు పదాల పెంకులతో చూసే యంత్రం ముందు, ప్రతి నాలుగో పదాన్నీ మార్చుకుంటూ పోయినవాడి పుస్తకంలో ఒక్క పెంకు కూడా దొరకదు. పెంకు పొట్టిగా ఉంటే ఇంకో చిక్కు వస్తుంది. "ఈ అధ్యాయంలో వివరించడం జరిగింది" లాంటి మాటలు ప్రతి థీసిస్‌లోనూ ఉంటాయి, అవన్నీ చౌర్యంలా వెలుగుతాయి. పొడవు పెంచితే దొంగలు తప్పించుకుంటారు, తగ్గిస్తే అమాయకులు దొరుకుతారు. ఈ రెంటి మధ్య ఎక్కడో ఒక అంకె ఎంచుకోవాల్సిందే. 1997లో ఆండ్రీ బ్రోడర్, ఆయన సహచరులు ఆల్టావిస్టా సేకరించిన 3 కోట్ల వెబ్ పేజీల్లో ఒకేలాంటివి ఏవో వెతకడానికి ఈ పెంకుల పద్ధతినే వాడారు. వాళ్లు 10 పదాల పొడవు తీసుకున్నారు. ఇప్పటి వాణిజ్య సాఫ్ట్‌వేర్లు తమ లోపలి లెక్కలన్నీ బయటపెట్టవు. అందుకే నేను చెప్పే అంకెలను ఉదాహరణగానే తీసుకోండి. అడుగున ఉన్న పద్ధతి మాత్రం ఇదే.

తర్వాత ఒక్కో పెంకునూ ఒక సంఖ్యగా మారుస్తారు. ఒకే పదాలు ఒకే వరుసలో ఉంటే ఎప్పుడైనా, ఏ కంప్యూటర్‌లోనైనా అదే సంఖ్య వస్తుంది. ఒక్క అక్షరం మారినా పూర్తిగా వేరే సంఖ్య వస్తుంది. "కాలువ", "కాల్వ" మనకు అన్నదమ్ముల్లాంటి మాటలు. ఆ సంఖ్యల్లో చుట్టరికం కనిపించదు. ఈ సంఖ్యలనే వేలిముద్రలు అంటారు.

అన్ని పెంకుల సంఖ్యలనూ దాచుకోవాలంటే స్థలం చాలదు. అందుకని కొన్నిటినే ఉంచుకుంటారు. ఏవి ఉంచాలన్నదే ఈ రంగంలో అందమైన ప్రశ్న. పాత పద్ధతిలో ఒక అంకె పెట్టుకుని దానితో నిశ్శేషంగా భాగింపబడే సంఖ్యల్ని మాత్రమే ఉంచేవారు. సులువైన పద్ధతే. కానీ ఒక్కోసారి పేజీ మొత్తంలో అలాంటి సంఖ్య ఒక్కటీ రాకపోవచ్చు. అప్పుడు ఆ పేజీని మొత్తం ఎత్తేసినా పట్టుబడదు. 2003లో సాల్ ష్లైమర్, డేనియల్ విల్కర్సన్, అలెక్స్ ఐకెన్ దీనికి ఒక పరిష్కారం చూపించారు. వాళ్లు దానికి పెట్టిన పేరుకు తెలుగులో సరిగ్గా సరిపోయే మాట ఉంది, తూర్పారబట్టడం. కళ్లంలో చేటతో పొట్టు ఎగరగొట్టి గింజలు మిగుల్చుకోవడం.

వాళ్ల పద్ధతిని చిన్న లెక్కతో చూపిస్తాను. పది పెంకులకు వరసగా 52, 18, 73, 41, 9, 66, 35, 80, 27, 61 అనే సంఖ్యలు వచ్చాయనుకుందాం. నాలుగు సంఖ్యలు కనిపించే కిటికీ ఒకటి పెట్టి ఒక్కొక్క అడుగు జరుపుతాం. ప్రతి కిటికీలోనూ అన్నిటికన్నా చిన్న సంఖ్యను ఉంచుకుంటాం. మొదటి కిటికీలో 52, 18, 73, 41 ఉన్నాయి, చిన్నది 18. రెండో కిటికీలోకి 9 వస్తుంది, చిన్నది అదే. ఆ తర్వాత మూడు కిటికీల్లోనూ 9 ఉంటుంది కాబట్టి మళ్లీ రాసుకోనక్కర్లేదు. చివరి రెండు కిటికీల్లో చిన్నది 27. పదింటిలో మిగిలినవి మూడే: 18, 9, 27. పొడుగు పాఠం మీద ఈ కిటికీ సగటున ఐదింటికి రెండు చొప్పున మిగులుస్తుంది.

ఇందులో గొప్పదనం దాని హామీ. రెండు పత్రాల్లో వరసగా 7 పదాలు ఒకేలా ఉన్నాయనుకోండి. 7 పదాల్లో నాలుగేసి పదాల పెంకులు నాలుగు ఉంటాయి, అంటే సరిగ్గా ఒక కిటికీ నిండుతుంది. రెండు పత్రాల్లోనూ ఆ కిటికీలో ఉన్నవి అవే సంఖ్యలు, కాబట్టి ఎంపికయ్యే చిన్న సంఖ్యా ఒకటే. అందువల్ల 7 పదాలు వరసగా కలిస్తే పట్టుబడటం ఖాయం. నాలుగు పదాలకన్నా తక్కువ కలిస్తే అసలు కనబడదు. మధ్యలో 4, 5, 6 పదాల కలయికలు కొన్ని దొరుకుతాయి, కొన్ని జారిపోతాయి. రిపోర్టులో చిన్న ముక్కలు ఒకచోట రంగుతో, ఇంకోచోట రంగు లేకుండా కనిపిస్తే మీరు ఆశ్చర్యపోతుంటారు. కారణాల్లో ఇదొకటి. ఆ ముగ్గురి వ్యాసంలో ముక్కలు పదాలతో కాక అక్షరాలతో చేశారు. ఐకెన్ తయారుచేసిన మాస్ అనే సాఫ్ట్‌వేర్ విద్యార్థుల ప్రోగ్రాముల్లో కాపీలు పట్టడానికి ఈ దారినే వెళ్తుంది. లెక్క మాత్రం రెండుచోట్లా ఒకటే.

ఇక పోలిక. ఒక థీసిస్‌ని లక్షల పత్రాలతో ఒక్కొక్కటిగా పక్కన పెట్టి చూడటం ఏ కంప్యూటర్‌కైనా పెద్ద భారం, దానికి అవసరమూ లేదు. పుస్తకం చివర పదసూచిక ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఒక మాట, దాని ఎదురుగా అది వచ్చే పేజీలు. సాఫ్ట్‌వేర్ దాచుకునే సూచిక కూడా అలాంటిదే. ఒక వేలిముద్ర సంఖ్య, దాని ఎదురుగా అది ఏ పత్రంలో ఎన్నో పదం దగ్గర వచ్చిందో చెప్పే జాబితా. మన న్యాయశాస్త్రం స్కాలర్ 62,000 పదాల నుంచి, ఇందాకటి లెక్క ప్రకారం, దాదాపు 25 వేల వేలిముద్రలు మిగులుతాయి. అంత పొడవున్న థీసిస్‌లు లక్ష ఉంటే సూచికలో 250 కోట్ల వరసలు ఉంటాయి. అయినా వెతకాల్సింది 25 వేల సార్లే. ప్రతి సంఖ్యకూ నేరుగా దాని జాబితా దగ్గరికే వెళ్తుంది. అందుకే ఇంత పెద్ద రిపోర్టు నిమిషాల్లో వచ్చేస్తుంది.

ఒక్క వేలిముద్ర కలిసినంత మాత్రాన ఏమీ తేలదు. ఒకే పత్రం నుంచి చాలా వేలిముద్రలు, దగ్గర దగ్గరగా, అదే వరసలో కలిస్తేనే ఆ పత్రాన్ని బయటికి తీసి అసలు పాఠాలను పక్కపక్కన పెట్టి చూస్తుంది. కలిసిన ముక్కలను అతికి, మధ్యలో ఒకటి రెండు పదాలు మారినా దాటుకుంటూ, ఒక భాగంగా రంగు వేస్తుంది. చివరికి రంగు పడిన పదాలను మొత్తం పదాలతో భాగిస్తే వచ్చేదే మీరు చూసే శాతం.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఒకే పేరా పది చోట్ల ఉండొచ్చు. ఒక ప్రభుత్వ నివేదికలోని పేరాను ఇద్దరు స్కాలర్లు, నాలుగు వెబ్‌సైట్లు వాడుకుని ఉండొచ్చు. రిపోర్టు సాధారణంగా ఆ పేరాను ఒక మూలానికే, ఎక్కువగా కలిసినదానికి, కట్టబెడుతుంది. ఆ మూలం నుంచే తీశారని దానర్థం కాదు. ఆ పత్రాన్ని స్కాలర్ జీవితంలో చూసి ఉండకపోవచ్చు. "ఫలానా విశ్వవిద్యాలయం థీసిస్ నుంచి ఎందుకు ఎత్తావు?" అని ప్యానెల్లో అడిగితే, ఆ పేరే వినని పిల్ల నోట మాట రాక నిలబడిపోవడం నేను చూశాను. ఆ మౌనాన్ని నేరం ఒప్పుకున్నట్టు రాసుకున్నారు. మీరు అడగాల్సింది ఆ మాటలు ఎక్కడివి, వాటికి ఆధారం చూపించారా అని. రిపోర్టు చూపించిన చిరునామా ఒక ఆచూకీ మాత్రమే.

ఇప్పుడు ఆ 43 శాతానికి వస్తాను. 62,000లో 43 శాతమంటే 26,660 పదాలు. వాటిలో 6,200 పదాలు గ్రంథసూచి. అవే కేసుల పేర్లు, అవే పుస్తకాల పేర్లు ఆ విషయం మీద పనిచేసే ప్రతి ఒక్కరి దగ్గరా ఉంటాయి. 5,580 పదాలు చట్టంలోని సెక్షన్లు, తీర్పుల నుంచి ఆధారం చూపించి ఉటంకించిన భాగాలు. సెక్షన్‌ను సొంత మాటల్లో రాస్తే అది తప్పవుతుంది, ఉన్నది ఉన్నట్టే రాయాలి. 9,300 పదాలు ఆమె సొంత వ్యాసాలు. అప్పటి నిబంధన ప్రకారం థీసిస్ ఇచ్చేముందు వ్యాసం ప్రచురించాలి, ఆమె రెండు ప్రచురించింది. ఆ వ్యాసాలు థీసిస్ అధ్యాయాల నుంచే పుట్టాయి కాబట్టి కలవకపోతేనే ఆశ్చర్యం. 3,720 పదాలు 14 పదాలకు మించని చిన్న ముక్కలు, "సుప్రీంకోర్టు ఈ కేసులో అభిప్రాయపడింది" వంటివి. ఇవన్నీ పోగా మిగిలింది 1,860 పదాలు, అంటే 3 శాతం.

యూజీసీ నిబంధనల్లోనే అనుమతితో లేదా ఆధారం చూపించి ఉటంకించిన భాగాలు, గ్రంథసూచి, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు, సాధారణ పదజాలం, చట్టాలు, ప్రామాణిక సమీకరణాలు లెక్కలోకి రావని ఉంది. వరసగా 14 పదాల వరకు ఉండే సాధారణ మాటలనూ వదిలేయమంది. సొంత వ్యాసాల విషయంలో చాలాచోట్ల గైడ్ ధ్రువీకరణ తీసుకుంటారు. అంటే 43ని 3 చేయడానికి ఎవరి దయాదాక్షిణ్యాలూ అక్కర్లేదు, ఉన్న నియమాలు అమలు చేస్తే చాలు. ఆ రోజు ఈ మినహాయింపుల గుర్తులేవీ పెట్టకుండానే రిపోర్టు తీశాం. అందులో గ్రంథాలయం తప్పూ ఉంది. గైడ్ రాతపూర్వకంగా అడిగి, మళ్లీ రిపోర్టు తీసి, మళ్లీ సమావేశం పెట్టించేసరికి నాలుగు నెలలు పట్టింది.

కానీ నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ మిగిలిన 3 శాతం. ఆ 1,860 పదాల్లో 640 పదాలు ఒకేచోట, రెండు పేజీలకు పైగా, ఒక జర్నల్ వ్యాసం నుంచి ఉన్నవి ఉన్నట్టుగా, ఆధారం చూపించకుండా ఉన్నాయి. చూపిస్తే ఆమె ముఖం పాలిపోయింది. నోట్సు రాసుకున్నప్పుడు ఎక్కడిదో రాసుకోలేదని, తర్వాత తన మాటలే అనుకున్నానని చెప్పింది. నేను నమ్మాను, మీరు నమ్మకపోవచ్చు. ఏమైనా ప్యానెల్ ఆమెను అడగాల్సిన ప్రశ్న ఇదొక్కటే. 43 శాతం అన్న రోజునా దీన్ని అడగలేదు, 3 శాతమని తేలిన రోజునా అడగలేదు. ఆ రెండు పేజీలను ఆమే తిరగరాసి, ఆధారం చేర్చి ఇచ్చింది. ఆ అంకె లేని నేరానికి శిక్ష వేసింది, ఉన్న లోపాన్ని దాచిపెట్టింది. 62,000 పదాల థీసిస్‌లో 10 శాతమంటే 6,200 పదాలు, పేజీకి 300 చొప్పున 20 పేజీలకు పైగా. ఒక మొత్తం అధ్యాయాన్ని ఎత్తేసినవాడు కూడా ఆ గీత కిందే ఉండిపోగలడు. రంగు ఎక్కడ పడింది, ఎంత పొడవున పడింది అన్నది చూడకపోతే ఈ ఇద్దరి మధ్య తేడా తెలియదు.

తెలుగు, చరిత్ర, జానపదం వంటి శాఖల్లో తెలుగులో రాసే థీసిస్‌ల సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. వాటికి 2 శాతం, 0 శాతం వస్తాయి. అది చూసి శెభాష్ అంటారు. ఆ సున్నాను నేను నమ్మను, ఎందుకో చెప్తాను.

ఇందాకటి వాక్యంలోకే మళ్లీ రండి. "కాలువ నీటి" అని ఒకరు విడదీసి రాస్తే, ఇంకొకరు "కాలువనీటి" అని కలిపి రాస్తారు. రెండూ మనకు సమ్మతమే. కానీ పెంకుల లెక్కలో 9 పదాలు 8 అవుతాయి, పెంకులు 5 వస్తాయి, వాటిలో పాతదానితో కలిసేది మొదటి పెంకు ఒక్కటే. ఒక్క ఖాళీ తీసేస్తే ఇంత తేడా. ఇంగ్లీషులో పదాల మధ్య ఖాళీ స్థిరంగా ఉంటుంది కాబట్టి ఆ భాషకు కుట్టిన చొక్కా ఇది. మనకు సంధులున్నాయి, సమాసాలున్నాయి, "అర్థం", "అర్ధం" అని రెండు రకాలుగా రాసే అలవాట్లున్నాయి. కంటికి కనబడనిది ఇంకొకటి ఉంది. "సాఫ్ట్‌వేర్" వంటి మాటల్లో పొల్లు హల్లుకీ తర్వాతి అక్షరానికీ మధ్య U+200C అనే అదృశ్య గుర్తు ఉంటుంది. కొందరి టైపింగులో ఉంటుంది, కొందరి టైపింగులో ఉండదు. దాన్ని ముందే ఏరివేయని సాఫ్ట్‌వేర్‌కి అవి రెండు వేర్వేరు పదాలు.

14 పదాల మినహాయింపు కూడా మన భాషలో వేరుగా పనిచేస్తుంది. "ఊరినుంచి రాలేకపోయినందువల్ల" అన్నది రెండు పదాలు. ఆ మాటనే ఇంగ్లీషులో చెప్పాలంటే ఏడెనిమిది పదాలు కావాలి. ఇంగ్లీషులో 14 పదాలు ఒక మామూలు వాక్యం. తెలుగులో 14 పదాల్లో ఒక విమర్శకుడి వాదన మొత్తం ఇమిడిపోతుంది. అదే అంకెను తెలుగు థీసిస్‌కి పెడితే, ఎత్తుకొచ్చిన వాదనలు చిన్న ముక్కల ఖాతాలో కొట్టుకుపోతాయి.

వీటన్నిటికన్నా ముందు, సాఫ్ట్‌వేర్ అసలు తెలుగును చదివిందా అన్నది చూడాలి. ఇప్పటికీ డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కంపోజ్ చేయించిన థీసిస్‌లు వస్తున్నాయి. కాగితం మీద చక్కటి తెలుగు కనిపిస్తుంది. ఫైలు లోపల ఉన్నవి మాత్రం రోమన్ అక్షరాలు, గుర్తులు, వాటి మీద తెలుగు బొమ్మలు తొడిగి ఉంటాయి. యంత్రానికి ఆ థీసిస్ మొత్తం అర్థంలేని గిలుకుడు. అలాంటివి ప్రపంచంలో దేనితోనూ కలవవు, అందుకే సున్నా. స్కాన్ చేసిన బొమ్మల పీడీఎఫ్‌ది కూడా ఇదే కథ. కనుక్కోవడం చాలా తేలిక. పీడీఎఫ్‌లో ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. తెలుగు తెలుగుగా వస్తే యంత్రం చదివింది. పిచ్చి గీతలు వస్తే యంత్రం చూసిందీ అవే.

రెండో వైపు సూచికలో ఏముంది? గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగలో థీసిస్‌లు ఉన్నాయి. మన పాత విమర్శ గ్రంథాలు, పత్రికల సంచికలు చాలావరకు స్కాన్ బొమ్మలుగానే ఉన్నాయి, లేదా అలమారాల్లోనే ఉన్నాయి. సూచికలో లేని పుస్తకం నుంచి అక్షరం వదలకుండా దించినా వేలిముద్ర కలవదు. ఇంగ్లీషు పుస్తకాన్ని అనువాదం చేసి తనదిగా పెట్టుకున్నా, పదాల వరుసలు పోల్చే ఈ పద్ధతికి దొరకదు. ఇలాంటి థీసిస్‌ని పట్టుకోగలిగేది ఆ పుస్తకాలు చదివిన మనిషే. తెలుగు శాఖ ఆచార్యులు "సాఫ్ట్‌వేర్ సున్నా ఇచ్చింది కదా" అని సంతకం పెట్టినప్పుడు నాకు నిజంగా బాధేస్తుంది. ఆ పని వారిది, యంత్రానిది కాదు.

ఇంకొక్క విషయం. టెన్షన్‌తో కొందరు స్కాలర్లు ముందే బయట డబ్బు కట్టి థీసిస్‌ని పరీక్ష చేయించుకుంటున్నారు. అక్కడ ఫైలును సూచికలో నిల్వ చేసే ఎంపిక ఆన్‌లో ఉంటే, ఆ డ్రాఫ్టే ఒక మూలం అయిపోతుంది. తర్వాత మా దగ్గర పరీక్షిస్తే తన థీసిస్‌తో తనదే 90 శాతానికి పైగా కలుస్తుంది. ఒకే మూలం నుంచి, మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు రంగు పడితే ముందు అనుమానించాల్సింది దీన్నే. అలాగే సూచిక రోజూ పెరుగుతుంది కాబట్టి, మార్చిలో 8 వచ్చిన థీసిస్‌కి అక్టోబరులో 11 రావచ్చు. థీసిస్ మారలేదు, చుట్టూ ఉన్న పోగు పెరిగింది. 10 దగ్గర గీత గీసి కూర్చున్నవాళ్లు ఇది గమనించాలి.

నేను మిమ్మల్ని కోరేవి చాలా చిన్నవి. రిపోర్టు తీసేటప్పుడు ఏ మినహాయింపులు పెట్టామో, ఏ తేదీన తీశామో, ఏ సేకరణలతో పోల్చామో మొదటి పేజీ మీదే రాయమని గ్రంథాలయాలకు ఆదేశమివ్వండి. గ్రంథసూచిని సాఫ్ట్‌వేర్ శీర్షిక చూసి గుర్తిస్తుంది. "ఉపయుక్త గ్రంథసూచి" అని తెలుగులో ఉంటే దాటిపోవడం నేను చూశాను, కాబట్టి దాన్ని మేం చేత్తోనే తీసేయాలి. ఉటంకింపులను కొటేషన్ గుర్తులు చూసి వదిలేసే సాఫ్ట్‌వేర్లున్నాయి, ఆ గుర్తులు లేనివాటినీ చేత్తోనే చూడాలి. ఇందుకు ఒక థీసిస్‌కి రెండు గంటలు పడుతుంది, ఆ సమయం మాకు ఇవ్వండి. సమావేశంలో శాతం చదివే ముందు, అన్నిటికన్నా పొడుగ్గా రంగు పడిన ఐదు భాగాలను తెర మీద పెట్టి, మూలంతో పక్కపక్కన చదవండి. స్కాలర్‌ని పిలిచి ఆ ఐదింటి గురించే అడగండి. ఆమె చెప్పింది మినిట్స్‌లో ఆమె మాటల్లోనే రాయండి. తెలుగు థీసిస్ అయితే నోట్‌ప్యాడ్ పరీక్ష చేశామని ధ్రువీకరించాకే శాతాన్ని లెక్కలోకి తీసుకోండి. యూనికోడ్‌లో లేని ఫైలును వెనక్కి పంపే అధికారం మాకు ఇవ్వండి.

వచ్చే సమావేశానికి మీ దగ్గరికి రాబోయే ఏదైనా ఒక థీసిస్ రిపోర్టును పూర్తిగా తెరిచి, మినహాయింపులు లేకుండా, ఉండీ రెండు రకాలుగా తీసి మీ ముందు పెట్టడానికి మాలాంటి ఉద్యోగులు ప్రతి గ్రంథాలయంలోనూ ఉన్నారు. పిలిస్తే ల్యాప్‌టాప్‌తో వస్తాం.

ఇట్లు,
ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయ ఉద్యోగి